టిక్కెట్టు వెనక రాసిన చిల్లర

2013 సెప్టెంబరులో ఎమ్మెస్ చదవడానికి డబ్లిన్ వచ్చిన మొదటి వారం సంగతి. బస్సెక్కి డ్రైవరు ముందున్న డబ్బాలో మూడు యూరోల నాణేలు వేశాను. టిక్కెట్టు అంతకంటే తక్కువే. మిగతాది ఇస్తాడు కదా అని చెయ్యి చాపుకుని నిలబడ్డాను. ఆయన నవ్వి, నా చేతిలో ఉన్న కాగితం వైపు చూపించాడు. టిక్కెట్టుతో పాటే ఇంకో చిన్న రసీదు అచ్చయి వచ్చింది. నాకు రావాల్సిన చిల్లర ఇంత అని దాని మీద ఉంది. దాన్ని తీసుకుని ఓకానల్ వీధిలో ఉన్న బస్సు కంపెనీ హెడ్డాఫీసుకి వెళ్తే డబ్బులిస్తారట. అరవై సెంట్ల కోసం ఊరవతలి నుంచి ఎవడు వెళ్తాడండీ! ఆ రసీదు జీన్సు జేబులో ఉండిపోయి వాషింగ్ మెషీన్‌లో ముద్దయిపోయింది. అలా ఎవరూ అడక్కుండా మిగిలిపోయిన చిల్లరని డబ్లిన్ బస్సు వాళ్ళు స్వచ్ఛంద సంస్థలకి ఇచ్చేవాళ్ళని చాలా రోజుల తర్వాత తెలిసింది. పోనీలే, పుణ్యానికే పోయింది అనుకున్నాను.

మనకి ఇదేం కొత్త కాదు. తెనాలి నించి గుంటూరు ఆర్టీసీ బస్సులో వంద నోటిస్తే కండక్టరు టిక్కెట్టు వెనక బాల్ పెన్నుతో ఏదో గీకి, దిగేటప్పుడు తీసుకోండి అనేవాడు. ఆ గీతలే మన డబ్బు. నిద్రపోయి హడావిడిగా దిగిపోయామా, అంతే సంగతులు.

ఈ చిల్లర పురాణమంతా ఎందుకంటే, 2020లో ఇక్కడ మా తమ్ముడి లాంటి కుర్రాడికి ఆరువేల యూరోలు ఇలాగే పోబోయి ఆగాయి. అక్కడ బస్సు లేదు, కండక్టరూ లేడు. బిట్‌కాయిన్. (పెట్టుబడి సలహాల టపా కాదు ఇది, కంగారు పడకండి. కొనమనీ వద్దనీ నేను చెప్పను.)

2020 ఫిబ్రవరి మూడోవారంలో ఐర్లండ్ పేపర్ల నిండా ఒకటే వార్త. గంజాయి పెంచి పట్టుబడిన ఒకాయన 2011, 2012 ప్రాంతాల్లో కొన్న 6,000 బిట్‌కాయిన్లని హైకోర్టు ప్రభుత్వానికి జప్తు చేసింది. అప్పటి ధరలో ఐదు కోట్ల యూరోల పైమాటే. ఆయన వాటిని 12 వాలెట్లలో తలా 500 చొప్పున సర్ది, తాళాలన్నీ ఒక ఏ-ఫోర్ కాగితం మీద అచ్చేసి, గాల్వే జిల్లా కార్నమోనాలో అద్దెకున్న ఇంట్లో చేపల గాలం పెట్టుకునే గొట్టంలో దాచాడట. 2017లో ఆయన అరెస్టయ్యాక ఇల్లు ఖాళీ చేయించి సామానంతా చెత్తకుప్పకి పంపించేశారు, కాగితం కూడా పోయింది. కోర్టు జప్తు చేసిందిగానీ, తాళం లేదు.

ఆ శనివారం సాయంత్రం మావాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఒకసారి ఇంటికొస్తావా" అన్నాడు, గొంతు అదోలా ఉంది. వాడిది తెనాలి దగ్గర పల్లెటూరు. మొదట్లో మేమంతా టాలాలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. వెళ్ళేసరికి టేబుల్ మీద ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం, పక్కన లాప్‌టాప్. ఆ వార్త చదివి, తన కాగితం భద్రంగా ఉందో లేదో చూసుకుందామని బీరువాలోంచి తీశాడట. కాగితం భద్రంగానే ఉంది. దాని మీదున్న అడ్రసుని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో కొడితే మాత్రం నిల్వ సున్నా.

2016లో కొన్న 0.8 బిట్‌కాయిన్ ఆ కాగితం మీద పెట్టాడు. అందులో ఒక్కసారే, 2017 డిసెంబరులో, 0.12 తీసి ఇంకో స్నేహితుడికి పంపాడు, విమానం టిక్కెట్ల బాకీ కింద. మిగతా 0.68 అలాగే ఉందనుకుంటూ రెండేళ్ళు గడిపాడు. ఇల్లు కొనడానికి పది శాతం డిపాజిట్ పోగేస్తున్నాడు అప్పుడు. పెళ్ళి కూడా కుదిరింది. ఎక్సెల్ షీట్‌లో ఒక గడిలో ఈ 0.68 రాసి పెట్టుకున్నాడు పాపం.

"ఎవడో కొట్టేశాడన్నా. చూడు, నేను 0.12 పంపిన రోజే మొత్తం లాగేశాడు" అన్నాడు. తెర మీద ఉన్నది ఇంతే:

```
in    0.80000000
out   0.12000000
out   0.67880000
fee   0.00120000
```

0.12 వెళ్ళింది స్నేహితుడి అడ్రసుకి, అది గుర్తుపట్టాడు. 0.6788 వెళ్ళిన అడ్రసు వాడెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం అది చూడగానే కాస్త ఊపిరొచ్చింది. దొంగతనం అలా ఉండదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మనందరం బిట్‌కాయిన్‌ని బ్యాంకు ఖాతాలాగా ఊహించుకుంటాం. ఖాతాలో 0.8 ఉంది, 0.12 తీశాం, ఉన్న చోటే 0.68కి తగ్గింది. బ్యాంకు కంప్యూటర్లో ఒక అంకె చెరిపి ఇంకో అంకె రాస్తారు. బిట్‌కాయిన్‌లో ఆ అంకె ఎక్కడా లేదు. ఫలానా అడ్రసులో ఇంత నిల్వ అని రాసుండే పుస్తకమే లేదు. ఉన్నవన్నీ చీటీలు. ప్రతి ట్రాన్సాక్షనూ కొన్ని పాత చీటీలని చింపి, కొన్ని కొత్త చీటీలు రాస్తుంది. చీటీ మీద రెండు విషయాలుంటాయి: ఎంత, ఏ తాళంతో తెరుచుకుంటుంది. ఇంకా చింపని చీటీనే మా భాషలో ఖర్చు కాని అవుట్‌పుట్ అంటారు. మనకి వాలెట్‌లో కనిపించే నిల్వ అంటే, మన తాళాలతో తెరుచుకునే చింపని చీటీలన్నీ ఏరి, ఆ వాలెట్ అప్పటికప్పుడు కూడి చూపించే మొత్తం.

చీటీని సగం చింపడం కుదరదు, అసలు కిటుకు అక్కడే ఉంది. 0.8 చీటీలోంచి 0.12 కావాలంటే 0.8ని పూర్తిగా చింపాలి. చింపాక స్నేహితుడి పేర 0.12 చీటీ ఒకటి, మన పేరే మిగతాదానికి ఇంకొకటి రాయాలి. కొట్లో ఐదొందల నోటిస్తే చిల్లర కొట్టువాడు ఇస్తాడు. ఇక్కడ ఆ కొట్టువాడికి ఈ లెక్కతో సంబంధం లేదు. మన చిల్లర మనమే, డబ్బిచ్చే కాగితం మీదే, మనకే రాసుకోవాలి.

ఇలా ఎందుకు పెట్టారంటే తనిఖీ తేలిక కోసం. ప్రపంచంలో వేలాది కంప్యూటర్లు ఈ చింపని చీటీల జాబితాని ఎవరికి వారు పెట్టుకుంటాయి. కొత్త ట్రాన్సాక్షన్ రాగానే, ఇది చింపుతానంటున్న చీటీ నా జాబితాలో ఉందా, సంతకం సరిపోయిందా, కొత్త చీటీల మొత్తం పాతదాన్ని మించలేదు కదా అని చూసుకుంటాయి. ఉంటే జాబితాలోంచి తీసేసి కొత్తవి చేర్చుకుంటాయి. అదే చీటీతో ఇంకోసారి ఎవరైనా వస్తే అది జాబితాలో ఉండదు గనక గేటు దగ్గరే ఆగిపోతుంది. సగం చింపిన చీటీలుంటే వాటిలో ఇంకెంత మిగిలిందో ప్రతివాడూ గుర్తుపెట్టుకోవాలి, ఏది ముందు ఏది వెనక అనే తగాదా మొదలవుతుంది.

ఇదేదో తర్వాత అతికించిన ఏర్పాటు కూడా కాదు. మనిషికీ మనిషికీ మధ్య జరిగిన మొట్టమొదటి బిట్‌కాయిన్ చెల్లింపులోనే చిల్లర ఉంది. 2009 జనవరి 12న, 170వ బ్లాకులో, సతోషీ నకమోటో హాల్ ఫిన్నీకి 10 నాణేలు పంపాడు. సతోషీ దగ్గర అప్పుడున్నవన్నీ బ్లాకులు తవ్వితే వచ్చిన 50 నాణేల చీటీలు. 9వ బ్లాకులో వచ్చిన 50ని చింపి, 10 ఫిన్నీకి, 40 తనకే రాసుకున్నాడు. ఫీజు సున్నా. ఇప్పటికీ ఏ ఎక్స్‌ప్లోరర్‌లోనైనా చూడొచ్చు. ఆ 40 మళ్ళీ అదే తాళానికి వెళ్ళింది. మొదటి రోజుల ప్రోగ్రాము అలాగే రాసేది. తర్వాతి వెర్షన్లలో చిల్లరకి ప్రతిసారీ కొత్త తాళం పుట్టించడం మొదలైంది. కారణం గోప్యత. చిల్లర పాత అడ్రసుకే వస్తే, ఏది చెల్లింపో ఏది చిల్లరో దారిన పోయేవాడికి కూడా తెలిసిపోతుంది. (కొత్త అడ్రసైనా ఊహించొచ్చు లెండి. 0.12 లాంటి గుండు అంకె చెల్లింపు, 0.6788 లాంటి అతుకుల బొంత చిల్లర.)

ఈ కొత్త తాళం వల్లే 2010 ఆగస్టులో ఒకాయన నిలువునా మునిగిపోయాడు. ఆ రోజుల్లో బిట్‌కాయిన్ ఫోరంలో ఆయనే రాసుకున్నాడు. 9,000 నాణేలు కొని, సీడీ మీంచి నడిచే లినక్స్‌లో వాలెట్ పెట్టుకున్నాడు. వాలెట్ ఫైలుని జాగ్రత్తగా ఫ్లాష్ డ్రైవులోకి నకలు తీశాడు. తర్వాత పరీక్షగా ఒక్క నాణెం తనకి తనే పంపుకున్నాడు. మనకిప్పుడు తెలుసు కదా ఏమయిందో: 9,000 చీటీ చిరిగింది, ఒకటికో చీటీ, 8,999కో చీటీ. ఆ 8,999కి ప్రోగ్రాము అప్పుడే పుట్టించిన కొత్త తాళం. ఆ తాళం నకలులో లేదు, ఎందుకంటే నకలు తీసినప్పటికి అది పుట్టనే లేదు. కంప్యూటర్ ఆపేసరికి సీడీ మీద నడిచే వ్యవస్థ అంతా మర్చిపోయింది. నకలు తెచ్చి పెట్టుకుంటే అందులో ఉన్నది చిరిగిపోయిన చీటీ తాళం.

ఆ సంవత్సరమే వచ్చిన 0.3.14 వెర్షన్‌లో, తాళాలని ముందుగానే వంద పుట్టించి వాలెట్ ఫైలులో పెట్టే పద్ధతి చేర్చారు. అప్పుడు పాత నకలులో కూడా రాబోయే చిల్లర తాళాలు కొన్ని ఉంటాయి. కొన్నే. వంద వాడేశాక మళ్ళీ నకలు తియ్యాలి. ఆ బాధ కూడా పోయింది 2012 తర్వాత, ఒకే విత్తనం నుంచి లెక్క ప్రకారం ఎన్ని తాళాలైనా మొలిపించే పద్ధతి వచ్చాక. ఇప్పుడు యాప్‌లు రాసుకోమనే 12 మాటలు ఆ విత్తనమే.

సరే, మావాడి దగ్గరికొద్దాం.

"ఆ 0.6788 దొంగది కాదు, నీ చిల్లర" అన్నాను. నమ్మలేదు. "నేను ఆ అడ్రసు కొట్టలేదన్నా, స్నేహితుడిది ఒక్కటే కొట్టా" అన్నాడు. నిజమే, వాడు కొట్టలేదు. కొట్టింది యాప్. నా వాదన ఇది: మామూలు ట్రాన్సాక్షన్‌లో సంతకం అందులోని అవుట్‌పుట్లన్నిటి మీదా కలిపి పడుతుంది. సంతకం చేశాక ఎవరైనా రెండో అవుట్‌పుట్‌ని చేర్చినా మార్చినా సంతకం చెల్లదు. అంటే 0.12 రాసిన చెయ్యే 0.6788 కూడా రాసింది. నీ తాళం దొంగిలించినవాడు పనిగట్టుకుని నీ స్నేహితుడి బాకీ తీరుస్తాడా? పైగా ఆ 0.6788 రెండేళ్ళుగా కదల్లేదు. దొంగయితే ఆ రాత్రికే పది అడ్రసులు తిప్పేవాడు.

యాప్‌లో అసలు మోసమేమన్నా ఉంటే తప్ప, అన్నది మాత్రం బయటికి అనలేదు.

"మరి కాగితం?" అన్నాడు. కాగితం చిరిగిపోయిన చీటీ తాళమన్నాను. వాడి మొహం చూస్తే జాలేసింది. రెండేళ్ళు దేవుడి పటం వెనక దాచినట్టు దాచాడు దాన్ని.

ఏం జరిగిందో వరసగా చెప్పించాను. 2017 డిసెంబరులో ఫోన్‌లో ఒక వాలెట్ యాప్ దింపుకుని, కాగితం మీది క్యూఆర్ కోడ్ చూపించి, 0.12 పంపాడు. కొన్ని యాప్‌లు కాగితం నుంచి పంపితే చిల్లరని మళ్ళీ ఆ కాగితానికే రాసేవి. ఈ యాప్ చిల్లరని తన సొంత అడ్రసుకి రాసింది. యాప్‌లో నిల్వ కనిపించే ఉంటుంది, వీడు చూడలేదు. పని అయిపోయిందని మూసేశాడు. యాప్ పేరు ఎందుకులెండి, పంపేటప్పుడు చిల్లర ఎక్కడికి పోతుందో ఒక్క ముక్క చెప్పలేదన్నదే నా ఫిర్యాదు.

ఆ ఫోన్ ఏదిరా అంటే, 2018 సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నకి ఇచ్చేశాడు.

తెనాలిలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. అయినా ఆగలేక ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నగారు నిద్రలోంచి లేచి, "ఆ ఫోనా, స్లోగా ఉంటోందని పోయినేడు కొట్లో ఇచ్చి మొత్తం చెరిపించాను నాయనా, ఇప్పుడు బాగా పనిచేస్తోంది" అన్నారు. ఆయన సంతోషంగా చెప్పారు. మావాడు "సర్లే నాన్నా, పడుకో" అని పెట్టేశాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గాలం గొట్టం ఆయన కథ వార్తల్లో చదివి మనం ఎంత తేలిగ్గా నవ్వుకున్నామో అనిపించింది.

ఇక మిగిలింది 12 మాటలు. యాప్ పెట్టుకున్న రోజు రాసుకోమని ఉంటుంది కదా అంటే, "స్కిప్ కొట్టేశాననుకుంటా" అన్నాడు. తర్వాత, "లేదన్నా, స్కిప్ ఒప్పుకోలేదు, ఏవో మాటలు మళ్ళీ వరసగా అడిగింది, దేని మీదో రాశా" అన్నాడు. అప్పుడు మొదలైంది వెతుకులాట. ఇక్కడికి బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళందరి దగ్గరా ఒక ఫైలు ఉంటుంది, వీసా కార్డు తిరగరాయించుకోవడానికి. కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు, అద్దె ఒప్పందం, ఏ కాగితాన్నీ పారెయ్యబుద్ధి కాదు, ఎప్పుడు ఏది అడుగుతారో అని. ఆ భయమే కాపాడింది. 2017 నవంబరు గ్యాస్ బిల్లు కవరు వెనక, పెన్సిలుతో, పన్నెండు ఇంగ్లీషు మాటలు. మధ్యలో టీ మరక.

నా లాప్‌టాప్‌లో ఎలక్ట్రమ్ అనే వాలెట్ ప్రోగ్రాము వేసి, ఆ 12 మాటలు కొట్టాను. నిల్వ సున్నా.

మావాడు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నిజానికి తప్పు నాది. విత్తనం ఒకటే అయినా చెట్టుకి కొమ్మలు చాలా. మాటల నుంచి తాళం దాకా ఏ కొమ్మ పట్టుకుని వెళ్ళాలో యాప్ నిర్ణయించుకుంటుంది. ఎలక్ట్రమ్ ఆ ప్రశ్న అడిగితే నేను కొత్తది కదా అని `m/84'/0'/0'` ఎంచుకున్నాను. ఆ కొమ్మ మీద అడ్రసులు `bc1q` అని మొదలవుతాయి. ఎక్స్‌ప్లోరర్‌లో ఆ 0.6788 కూర్చున్న అడ్రసు చూస్తే 1 అంకెతో మొదలవుతోంది. అంటే పాత రకం, దాని కొమ్మ `m/44'/0'/0'`. ఆ మాత్రం ముందే చూసుకోవాల్సింది, కంగారులో చూసుకోలేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ 12 మాటలు కొట్టి ఈసారి 44 పెట్టాను.

అడ్రసుల పేజీ తెరిచాను. ఆ కొమ్మకి మళ్ళీ రెండు రెమ్మలుంటాయి. 0 అన్న రెమ్మ ఇతరులకి ఇచ్చే అడ్రసులది, 1 అన్న రెమ్మ చిల్లర అడ్రసులది. 0 రెమ్మంతా ఖాళీ. అవును మరి, ఈ వాలెట్‌లోకి ఎవరూ ఎప్పుడూ ఏమీ పంపలేదు. 1 రెమ్మ మీద మొట్టమొదటి అడ్రసు,

```
m/44'/0'/0'/1/0
```

దాన్ని ఎక్స్‌ప్లోరర్‌లోని అడ్రసు పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చాను. అదే. కింద నిల్వ 678.8 అని కనిపిస్తోంది, ఎలక్ట్రమ్ వేయో వంతుల్లో చూపిస్తుంది గనక. చరిత్రలో అది ఎవరో దాత పంపినట్టు వచ్చిన డబ్బుగా ఉంది. కాగితం తాళం గురించి ఈ వాలెట్‌కి తెలియదు కదా, తన చిల్లరని తనే గుర్తుపట్టలేదు.

మావాడిని పిలిచి చూపించాను. వాడు కుర్చీలో కూలబడి, ముందు నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. టీ పెడతానని వెళ్ళినవాడు నీళ్ళు స్టవ్ మీద పెట్టి మర్చిపోయాడు, గిన్నె మాడింది.

టీ తాగుతుంటే వాడికి ఇంకో అనుమానం. "చిల్లర రాయడం యాప్ మర్చిపోతే ఏమయ్యేది?" మంచి ప్రశ్న. ఫీజు అనే గడి ట్రాన్సాక్షన్‌లో ఎక్కడా ఉండదు. చింపిన చీటీల మొత్తంలోంచి కొత్త చీటీల మొత్తం తీసేస్తే మిగిలిందే ఫీజు, అది బ్లాకు తవ్వినవాడికి పోతుంది. పైన చూపించిన లెక్కలో 0.0012 అలాగే వచ్చింది. రెండో చీటీ రాయకపోతే 0.68 మొత్తం ఫీజే. అడక్కుండా మిగిలిన చిల్లర డబ్లిన్‌లో స్వచ్ఛంద సంస్థలకి, ఇక్కడ మైనరుకి, అంతే తేడా. ఇది ఊహ కాదు, తర్వాత 2023 సెప్టెంబరులో ఒక కంపెనీ 0.074 బిట్‌కాయిన్ పంపుతూ సాఫ్ట్‌వేర్ బగ్ వల్ల దాదాపు 20 బిట్‌కాయిన్లు ఫీజుగా కట్టేసింది, అప్పటి లెక్కలో ఐదు లక్షల డాలర్లు. దాన్ని తవ్విన పూల్ వాళ్ళు మంచివాళ్ళు గనక తిరిగిచ్చారు. ఇవ్వాలన్న నియమమేదీ లేదు.

కావాలని చిల్లర వదిలేసే సందర్భం ఒకటుంది. ఐర్లండ్‌లో 2015 అక్టోబరు నుంచి కొట్లలో ఒకటి రెండు సెంట్ల నాణేలు ఇవ్వకుండా బిల్లుని ఐదు సెంట్లకి సర్దేస్తున్నారు కదా, ఒక సెంటు నాణెం తయారీకే దాని విలువ కంటే ఎక్కువవుతుందని. బిట్‌కాయిన్‌లోనూ అంతే. చిల్లర చీటీ మరీ చిన్నదైతే, రేపు దాన్ని చింపడానికి అయ్యే ఫీజు దాని విలువనే మించిపోతుంది. ఫీజు డబ్బు మొత్తం మీద కాదు, ట్రాన్సాక్షన్ ఎన్ని బైట్లుందన్న దాని మీద పడుతుంది. పాత రకం అడ్రసుకి 546 సతోషీల కంటే చిన్న చీటీ రాస్తే, మామూలు అమరికలో ఉన్న కంప్యూటర్లు దాన్ని ముందుకి పంపనే పంపవు. సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు. అలాంటప్పుడు వాలెట్ చిల్లర రాయకుండా ఫీజులో కలిపేస్తుంది.

పన్ను సంగతి కూడా అడిగాడు, ఐర్లండ్‌లో లాభం మీద 33 శాతం గనక. నేను అకౌంటెంటుని కాను. అయితే వాడు పెట్టుకున్న పన్ను లెక్కల ప్రోగ్రాము కాగితం అడ్రసు ఒక్కదాన్నే చూసి, 0.8 మొత్తం 2017లో వదిలించుకున్నట్టు రాసిందట. వాడు ఇచ్చింది 0.12, పోయింది ఆ ఫీజు. చిల్లర వాడిదే, చెయ్యి మారలేదు. కొత్త అడ్రసు కూడా తనదేనని ఆ ప్రోగ్రాముకి చెప్పగానే లెక్క సర్దుకుంది.

మర్నాడు ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. టీ మరక కవరు మీదా, నా లాప్‌టాప్‌లో కొట్టిన మాటల మీదా ఆ డబ్బు ఉండటం నాకిష్టం లేదు. వాడికో కొత్త హార్డ్‌వేర్ వాలెట్ పెట్టి, దాని 24 మాటలు వాడిచేతే రెండు చోట్ల రాయించి, ఒకసారి చెరిపి మళ్ళీ ఆ మాటలతో తెరిచి చూశాక, పాత వాలెట్‌లో మ్యాక్స్ అన్న బటన్ నొక్కాం. (మూడు వారాలకి, మార్చి 12న, ధర ఒక్క రోజులో సగానికి దగ్గరగా పడింది. అది వేరే టపా.)

పంపే ముందు వివరాల పేజీ తెరిచి చూపించాను. సుమారు 190 బైట్లు. ఇన్‌పుట్ ఒకటి, అవుట్‌పుట్ ఒకటి. మావాడు తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఇందులో చిల్లరేమీ లేదు కదన్నా?"

"లేదు" అన్నాను. పంపు నొక్కాడు.